యంత్రాల కొనుగోలుకు ప్రభుత్వ గ్రాంటు: ధర తగ్గింపు, వాయిదా ఆదాయం

నిర్వచనం, పరిధి

ఒక సంస్థ యంత్రం, భవనం లాంటి దీర్ఘకాలిక ఆస్తిని కొనాలనే ప్రధాన షరతుతో ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయాన్ని అకౌంటింగ్‌లో ఆస్తులకు సంబంధించిన గ్రాంటు అంటారు. వాడుకలో దీన్ని పెట్టుబడి సబ్సిడీ అంటారు. కరెంటు చార్జీలో రాయితీ, వడ్డీలో కొంత భాగం తిరిగి ఇవ్వడం లాంటివి రోజువారీ ఖర్చుకు సంబంధించిన గ్రాంట్లు కాబట్టి ఈ వ్యాసం పరిధిలోకి రావు. కొత్త పరిశ్రమ పెట్టినందుకు మొత్తం పెట్టుబడిలో ఇంత శాతమని, ఏ ఆస్తితోనూ ముడిపెట్టకుండా ఇచ్చే ప్రోత్సాహకం కూడా ఇందులోకి రాదు. దాన్ని ప్రమోటరు వాటా లాంటిదిగా భావించి నేరుగా క్యాపిటల్ రిజర్వులో చూపాలని భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 12 చెబుతుంది. భూమి లాంటి తరుగుదల లేని ఆస్తికి వచ్చిన గ్రాంటుకూ మామూలుగా అదే దారి.

తరుగుదల ఉన్న యంత్రానికి గ్రాంటు వచ్చినప్పుడు దాన్ని లెక్కల్లో చూపడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది గ్రాంటును యంత్రం ధరలోంచి తీసేసి, మిగిలిన మొత్తాన్నే ఆస్తి విలువగా రాయడం. రెండోది యంత్రాన్ని పూర్తి ధరకే చూపి, గ్రాంటును బ్యాలెన్స్ షీట్ అవతలి వైపు వాయిదా ఆదాయంగా నిలిపి, యంత్రం తరిగే కొద్దీ ఆ నిష్పత్తిలో ఏటా కొంత లాభనష్టాల ఖాతాలోకి తెచ్చుకోవడం. ఈ రెండూ ఒకటేననీ, ఎంపిక పూర్తిగా చూపించే తీరుకు సంబంధించినదేననీ చాలామంది భావిస్తారు. ఏటా తేలే లాభం విషయంలో ఆ మాట నిజమే. అయితే గ్రాంటు షరతు తప్పి డబ్బు వెనక్కి కట్టాల్సి వచ్చినా, ఆ లెక్కలను బ్యాంకో, కొనుగోలుదారో, కొత్త భాగస్వామో చదివినా రెండు పద్ధతులూ వేర్వేరు చిత్రాలు చూపుతాయి. షరతులతో వచ్చే గ్రాంటుకు వాయిదా ఆదాయమే ఎక్కువ నిజం చెబుతుందని ఆ చిత్రాలను పోలిస్తే తేలుతుంది.

ప్రమాణాల పూర్వరంగం

ఈ విషయంపై అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 20 వెలువడింది 1983లో. అది రెండు పద్ధతులనూ అనుమతించింది, ఇప్పటికీ అనుమతిస్తోంది. భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1991లో తెచ్చిన ఏఎస్ 12 కూడా అదే బాటలో నడిచింది. 2015లో పెద్ద కంపెనీల కోసం ఇండ్ ఏఎస్ ప్రమాణాలను నోటిఫై చేసినప్పుడు మాత్రం మన దేశం అంతర్జాతీయ పాఠం నుంచి కొంత పక్కకు జరిగింది. అప్పటి ఇండ్ ఏఎస్ 20లో ధరలోంచి తీసివేసే దారి లేదు, వాయిదా ఆదాయమొక్కటే ఉంది. 2018 సెప్టెంబరు సవరణతో తీసివేత మళ్లీ ఎంపికగా తిరిగివచ్చింది. బ్రిటన్‌లో ఎక్కువ కంపెనీలు పాటించే ఎఫ్‌ఆర్‌ఎస్ 102 మాత్రం ఆస్తి విలువలోంచి గ్రాంటును తీసివేయడాన్ని ఒప్పుకోదు. తీసివేతను ఒక దేశం మూసి మళ్లీ తెరిచింది, ఇంకో దేశం మూసే ఉంచింది. రెండు పద్ధతులూ నిజంగా ఒకటే అయితే ఇంత ఊగిసలాటకు అవకాశం ఉండేది కాదు.

మన దేశంలో స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలు, రూ.250 కోట్లు అంతకుమించి నికర విలువ ఉన్న కంపెనీలు ఇండ్ ఏఎస్ 20ని పాటిస్తాయి. మిగిలిన కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు, సొంత యాజమాన్యంలోని యూనిట్లు ఏఎస్ 12 పరిధిలో ఉంటాయి. సబ్సిడీతో యంత్రాలు కొనే చిన్న యూనిట్లలో అత్యధికం ఈ రెండో తరగతివే. కాబట్టి ఏఎస్ 12 ఏం చెబుతుందన్నది ఆచరణలో పెద్ద ప్రశ్న.

గ్రాంటును ఎప్పుడు గుర్తించాలి

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు తేల్చాల్సింది గ్రాంటును పుస్తకాల్లోకి ఎప్పుడు తేవాలన్నది. సంస్థ షరతులన్నీ పాటిస్తుందనీ, గ్రాంటు తప్పక అందుతుందనీ సహేతుకమైన నమ్మకం కుదిరినప్పుడే దాన్ని గుర్తించాలని రెండు ప్రమాణాలూ అంటాయి. డబ్బు చేతికి అందినంత మాత్రాన షరతులు నెరవేరినట్టు కాదని కూడా స్పష్టంగా చెబుతాయి. మంజూరు పత్రం వచ్చిందని, లేదా ఖాతాలో డబ్బు పడిందని వెంటనే ఎంట్రీ వేసే అలవాటుకు ఈ మాట అడ్డుకట్ట.

ఇది ఎంత అవసరమో చూడాలంటే 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకాన్ని గమనించాలి. పీఎంఎఫ్‌ఎంఈ అని పిలిచే ఈ పథకంలో అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షలు గ్రాంటుగా ఇస్తారు. లబ్ధిదారు కనీసం 10 శాతం సొంతంగా పెట్టాలి, మిగిలింది బ్యాంకు రుణం. ఆ గ్రాంటు యజమాని చేతికి నేరుగా రాదు. రుణం ఇచ్చిన బ్యాంకులోనే ఒక ప్రత్యేక ఖాతాలో నిలుస్తుంది, ఆ మేరకు రుణంపై వడ్డీ పడదు. చివరి విడత రుణం అందాక మూడేళ్లు గడిచి, రుణ ఖాతా సక్రమంగా, యూనిట్ నడుస్తూ ఉంటేనే ఆ డబ్బును రుణానికి సర్దుతారు. అంటే గ్రాంటు వచ్చినట్టే ఉంటుంది, కానీ మూడేళ్లపాటు అది పూర్తిగా యజమానిది కాదు. కిస్తీలు సకాలంలో కట్టగలిగే వ్యాపారం ఉందా, యూనిట్ నిలబడుతుందా అన్నవి చూసి, ఆధారం దొరికితే గుర్తించవచ్చు. ఆధారం లేకపోతే ఆ మొత్తాన్ని గ్రాంటుగా రాయకుండా, షరతుకు లోబడిన మొత్తం బ్యాంకులో ఉందని నోట్సులో చెప్పి ఆగడమే సబబు.

రెండు పద్ధతుల తీరు: ఒక మిరపపొడి యూనిట్ లెక్క

గుంటూరు జిల్లాలో ఒక మిరపపొడి యూనిట్‌ను ఊహించుకుందాం. తొడిమలు తీసే యంత్రం, పల్వరైజరు, జల్లెడ, ప్యాకింగ్ యంత్రం కలిపి ధర రూ.20 లక్షలు. గ్రాంటు 35 శాతం, అంటే రూ.7 లక్షలు. సొంత డబ్బు రూ.2 లక్షలు, టర్మ్ లోన్ రూ.18 లక్షలు. యంత్రాల ఆయుష్షు పదేళ్లు, చివరికి మిగిలే విలువ సున్నా, తరుగుదల ఏటా సమానం అనుకుందాం. షరతులు పాటించగలదన్న నమ్మకం మొదటే ఉంది కాబట్టి గ్రాంటును మొదటి రోజే గుర్తించారు.

యంత్రాలు కొన్నప్పుడు యంత్రాల ఖాతాకు రూ.20 లక్షలు డెబిట్, సొంత డబ్బుకూ రుణానికీ క్రెడిట్. ఇక్కడి వరకు రెండు పద్ధతులకూ తేడా లేదు. గ్రాంటు బ్యాంకుకు చేరినప్పుడు సబ్సిడీ డిపాజిట్ ఖాతాకు రూ.7 లక్షలు డెబిట్ చేస్తారు. ఆ క్రెడిట్ ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న. తగ్గింపు పద్ధతిలో అది యంత్రాల ఖాతాకే పోయి వాటి విలువ రూ.13 లక్షలవుతుంది, ఏటా తరుగుదల రూ.1.3 లక్షలు. వాయిదా పద్ధతిలో అది వాయిదా గ్రాంటు అనే వేరే ఖాతాకు పోతుంది. యంత్రాలు రూ.20 లక్షలుగానే ఉంటాయి, తరుగుదల ఏటా రూ.2 లక్షలు. ఆ తరుగుదలకు జోడీగా ఏటా రూ.70 వేలు వాయిదా గ్రాంటు నుంచి ఆదాయంలోకి వస్తుంది. రూ.2 లక్షల ఖర్చులోంచి రూ.70 వేల ఆదాయం పోతే మిగిలే భారం అదే రూ.1.3 లక్షలు. పదేళ్లలో ఏ ఏడు చూసినా లాభం రెండింటా ఒకటే. మూడేళ్ల తర్వాత బ్యాంకు డిపాజిట్‌ను రుణానికి సర్దినప్పుడు రుణం రూ.7 లక్షలు తగ్గి, డిపాజిట్ ఖాతా ముగుస్తుంది. లాభంపై ఆ ఎంట్రీ ప్రభావం ఏమీ ఉండదు.

యంత్రాలను మధ్యలో అమ్మినా లాభంలో తేడా రాదు. మూడేళ్ల చివర రూ.12 లక్షలకు అమ్మితే, తగ్గింపు పద్ధతిలో పుస్తక విలువ రూ.9.1 లక్షలు, లాభం రూ.2.9 లక్షలు. వాయిదా పద్ధతిలో పుస్తక విలువ రూ.14 లక్షలు, అమ్మకంపై నష్టం రూ.2 లక్షలు. కానీ మిగిలిన వాయిదా గ్రాంటు రూ.4.9 లక్షలు అప్పుడే ఆదాయమవుతుంది, నికరం అదే రూ.2.9 లక్షలు. ఈ సమానత్వం చూసే తేడా లేదన్న అభిప్రాయం బలపడింది. అయితే ఈ లెక్కలో గ్రాంటు తిరిగి కట్టాల్సిన అవసరం లేదన్న ఊహ దాగి ఉంది. ఆ ఊహ తొలగితే పరిస్థితి మారుతుంది.

గ్రాంటు తిరిగి చెల్లింపు: రెండు దారులూ విడిపోయే చోటు

ఇంతకుముందు చెప్పిన పథకాన్ని కాసేపు పక్కన పెట్టి, ఫలానా కాలం లోపల యంత్రాలను అమ్మినా, వేరే చోటికి తరలించినా గ్రాంటు మొత్తం తిరిగి కట్టాలన్న షరతు ఉన్న పథకాన్ని తీసుకుందాం. అంకెలు అవే. మూడేళ్ల చివర షరతు తప్పింది, యంత్రాలు మాత్రం యూనిట్ దగ్గరే నడుస్తున్నాయి, రూ.7 లక్షలు వెనక్కి కట్టాలి.

తగ్గింపు పద్ధతిలో ఉన్న యూనిట్‌కు ఏఎస్ 12 ఇచ్చే సూచన ఏమిటంటే, కట్టిన మొత్తాన్ని యంత్రాల పుస్తక విలువకు కలిపి, మిగిలిన ఆయుష్షులో తరుగుదల వేసుకోవాలి. పుస్తక విలువ రూ.9.1 లక్షలు, దానికి రూ.7 లక్షలు కలిపితే రూ.16.1 లక్షలు. మిగిలిన ఏడేళ్లకు పంచితే ఏటా రూ.2.3 లక్షలు. గ్రాంటు చేజారిన ఏడాది లాభంలో దాని జాడ ఉండదు. వాయిదా పద్ధతిలో ఉన్న యూనిట్ మాత్రం ముందు మిగిలిన వాయిదా గ్రాంటు రూ.4.9 లక్షలను చెరిపేసి, చాలని రూ.2.1 లక్షలను ఆ ఏడాదే ఖర్చుగా రాయాలి. తర్వాత ఏటా రూ.2 లక్షల తరుగుదల యథావిధిగా సాగుతుంది. పదేళ్ల మొత్తం ఖర్చు రెండింటా రూ.20 లక్షలే. కానీ చెడు వార్త లాభనష్టాల ఖాతాకు ఎప్పుడు చేరుతుందన్న విషయంలో రెండూ వేరయ్యాయి. ఒకటి అది జరిగిన ఏడాదే చెప్పింది. ఇంకొకటి దాన్ని రాబోయే ఏడేళ్లపై, ఏటా రూ.30 వేల అదనపు భారంగా పరిచింది.

ఇందులో ఏది సరైనది? యంత్రాలు మూడేళ్లలో నిజంగా అరిగింది రూ.6 లక్షలు. గ్రాంటు ఉంటుందన్న నమ్మకంతో వాటిలో రూ.2.1 లక్షల భారాన్ని ఖర్చుగా చూపలేదు. ఆ నమ్మకం తప్పని తేలినప్పుడు చూపకుండా వదిలిన భారం గడిచిన కాలానిది, దాన్ని రాబోయే ఏళ్ల ఉత్పత్తిపై వేయడానికి ఆధారం లేదు. ఇండ్ ఏఎస్ 20 ఇక్కడ మరింత నిక్కచ్చిగా ఉంది. తగ్గింపు పద్ధతిలోనైనా సరే, గ్రాంటే లేకపోతే ఇప్పటిదాకా పడాల్సిన అదనపు తరుగుదలను వెంటనే లాభనష్టాల ఖాతాకు తీసుకెళ్లాలంటుంది. దాని ప్రకారం రూ.16.1 లక్షలలోంచి రూ.2.1 లక్షలు వెంటనే ఖర్చయి, యంత్రాలు రూ.14 లక్షలకు వస్తాయి. అంటే వాయిదా పద్ధతి తనంతట తాను చేరుకునే చోటికే తగ్గింపు పద్ధతిని కూడా ఈ ప్రమాణం ప్రత్యేక నియమం పెట్టి మరీ లాక్కొస్తోంది. ఏఎస్ 12లో ఆ నియమం లేదు. షరతులతో కూడిన గ్రాంట్లు ఎక్కువగా తీసుకునే చిన్న సంస్థలే ఏఎస్ 12 కింద ఉన్నాయి కాబట్టి, పద్ధతి ఎంపిక ప్రభావం వాటిపైనే ఎక్కువ.

బ్యాలెన్స్ షీట్ చెప్పే కథ: ఆస్తి విలువ, రాబడి, ఖరీదు లెక్క

లాభం ఒకటే అయినా బ్యాలెన్స్ షీట్ ఒకటి కాదు. తరుగుదలకు ముందు యూనిట్ సంపాదన రూ.3.3 లక్షలైతే మొదటి ఏడాది లాభం రూ.2 లక్షలు. తగ్గింపు పద్ధతిలో ఏడాది చివర యంత్రాల విలువ రూ.11.7 లక్షలు, వాటిపై రాబడి 17 శాతం చిల్లర. వాయిదా పద్ధతిలో యంత్రాల విలువ రూ.18 లక్షలు, రాబడి 11 శాతం. గ్రాంటు తీసుకోకుండా అవే యంత్రాలతో నడిచే పక్క యూనిట్‌తో పోల్చి చూసేవారికి మొదటి అంకె మోసపూరితం. యంత్రం అదే, పొడి అదే, కార్మికుల పని అదే అయినా ఒక యూనిట్ ఎక్కువ సమర్థంగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. యజమాని జేబులోంచి, అప్పులోంచి నిజంగా పోయింది రూ.13 లక్షలే, కాబట్టి ఆయన పెట్టుబడిపై రాబడి 17 శాతమే నిజమని తగ్గింపు పద్ధతిని సమర్థించేవారు అంటారు. అయాచితంగా వచ్చిన భాగాన్ని ఆస్తి విలువలో చూపడం పెంచి చెప్పడమని వారి వాదన. యజమాని సొంత పెట్టుబడిపై రాబడి కోణంలో ఇది సరైన మాటే. కానీ బ్యాలెన్స్ షీట్ యజమాని ఒక్కరి కోసం కాదు. పైగా వాయిదా పద్ధతి ఆ సమాచారాన్ని దాచదు, యంత్రాలు రూ.18 లక్షలు, వాయిదా గ్రాంటు రూ.6.3 లక్షలు అని రెండూ పక్కపక్కన ఉంటాయి, రూ.11.7 లక్షల నికరం కావాలనుకున్నవారు తీసివేసుకోవచ్చు. తగ్గింపు పద్ధతిలో రూ.11.7 లక్షల అంకె మాత్రమే చూసినవారికి వెనక్కి వెళ్లి రూ.18 లక్షలు కనుక్కోవడానికి దారి ఉండదు, నోట్సులో విడిగా రాస్తే తప్ప.

ఇది ధర నిర్ణయానికి కూడా తగులుతుంది. ఏడాదికి 100 టన్నుల పొడి ఆడే యూనిట్‌లో పూర్తి ధరపై తరుగుదల కిలోకు రెండు రూపాయలు, తగ్గిన ధరపై కిలోకు రూపాయి ముప్పై పైసలు. యజమాని పుస్తకాల్లోని తరుగుదలనే చూసి ధర కడితే ఆ డెబ్బై పైసలు కొనేవారికి పోయినట్టే. పదేళ్ల తర్వాత యంత్రాలు మార్చాల్సి వచ్చినప్పుడు అదే సబ్సిడీ మళ్లీ వస్తుందన్న హామీ లేదు. వాయిదా పద్ధతి కూడా నికర లాభాన్ని మార్చదు కాబట్టి ఆయన చేతిలో డబ్బు పెరగదు. కానీ అందులోని రూ.70 వేలు పొడి అమ్మకం తెచ్చింది కాదనీ, ప్రభుత్వం తెచ్చిందనీ విడిగా కనిపిస్తుంది. ఆ వరుస చూసినవారు తర్వాతి యంత్రం కోసం దాన్ని పక్కన పెట్టాలా వద్దా అని కనీసం ఆలోచిస్తారు.

నగదు ప్రవాహ పట్టిక విషయంలో మాత్రం పద్ధతితో పనిలేదు. బ్యాలెన్స్ షీట్‌లో తీసివేసి చూపినా సరే, యంత్రాలకు చెల్లించిన రూ.20 లక్షలు, వచ్చిన గ్రాంటు వేర్వేరు వరుసల్లో ఉండటమే మేలని ప్రమాణాలు సూచిస్తాయి, మొత్తం పెట్టుబడి తెలియాలన్నదే కారణం.

వాయిదా ఆదాయంపై అభ్యంతరాలు

వాయిదా ఆదాయంపై వచ్చే విమర్శల్లో బరువైనది సిద్ధాంతపరమైనది. బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తులకు అవతలి వైపు ఉండాల్సింది అప్పు గానీ, సొంత మూలధనం గానీ. షరతులన్నీ తీరిపోయాక సంస్థ ఎవరికీ ఏమీ బాకీ లేదు. అయినా ఏడేళ్లపాటు వాయిదా గ్రాంటు ఆ పట్టికలో అప్పులా కూర్చుని ఉంటుంది. బాకీ లేని బాకీని చూపడం ఏమిటన్న ప్రశ్నకు ఐఏఎస్ 20 దగ్గర తృప్తికరమైన జవాబు లేదు, ఖర్చుకు ఆదాయాన్ని జత చేయాలన్న పాత సూత్రం తప్ప. ఈ విమర్శను ఒప్పుకోవాలి. అయితే ఇది తగ్గింపు పద్ధతికి అనుకూలమైన వాదన కాదు. గ్రాంటును ధరలోంచి తీసేయడం కూడా అదే వాయిదా, కాకపోతే ఆస్తి విలువలో కనపడకుండా చేసిన వాయిదా. ఈ విమర్శను చివరిదాకా నడిపితే చేరేది షరతు తీరిన రోజునే మొత్తం గ్రాంటును ఆదాయంగా గుర్తించే మూడో దారికి. చిన్న, మధ్యతరహా సంస్థల అంతర్జాతీయ ప్రమాణం దాదాపు ఆ దారినే పట్టింది, అందులో భవిష్యత్తు పనితీరు షరతులు తీరినప్పుడు గ్రాంటు ఆదాయమవుతుంది. మన ఏఎస్ 12లో, ఇండ్ ఏఎస్ 20లో ఆ దారి లేదు. ఉన్న రెండింటిలో, మొదటి మూడేళ్లలో, అంటే బాధ్యత నిజంగా ఉన్న కాలంలో, దాన్ని కళ్లకు కట్టేది వాయిదా ఆదాయమే.

రెండో అభ్యంతరం బ్యాంకుల వైపు నుంచి వస్తుంది. వాయిదా గ్రాంటును రుణ విశ్లేషణలో బయటి అప్పుల్లో కలిపితే యూనిట్ అప్పు, సొంత నిధుల నిష్పత్తి చెడినట్టు కనిపిస్తుంది, తగ్గింపు పద్ధతిలో ఆ ఇబ్బంది ఉండదు. చిన్న యూనిట్ల ఆడిటర్లు తగ్గింపునే ఎంచుకోవడానికి ఇదొక అసలు కారణం. ఈ భయం నిరాధారం కాదు. కానీ దానికి మందు వాయిదా గ్రాంటును సొంత నిధులకూ రుణాలకూ మధ్య విడి వరుసలో, స్పష్టమైన పేరుతో చూపడం. ఏఎస్ 12 సూచించిన స్థానం కూడా అదే, రిజర్వుల తర్వాత, తాకట్టు రుణాలకు ముందు. ఇతర అప్పులు అనే వరుసలో పడేస్తేనే రుణ అధికారి దాన్ని అప్పుగా చదువుతారు.

మూడోది సౌలభ్యం. ఒక్క పల్వరైజరు ఉన్న యూనిట్ పదేళ్లపాటు వాయిదా గ్రాంటు రిజిస్టరు నడపాలనడం భారమే. ఈ మాట న్యాయమైనది. యంత్రం ఒకటే, గ్రాంటు చిన్నది, షరతు కాలం ముగిసింది అన్నప్పుడు తగ్గింపు పద్ధతి వల్ల కోల్పోయేది తక్కువ. గ్రాంటు యంత్రం ధరకు దాదాపు సమానమైతే ఏఎస్ 12 తగ్గింపు పద్ధతిలో ఆ యంత్రాన్ని నామమాత్రపు విలువకు చూపమంటుంది. అలాంటప్పుడు మాత్రం సౌలభ్యం పేరు చెప్పడం కష్టం, రోజూ నడిచే యంత్రం పుస్తకాల్లోంచి మాయమైపోతుంది. దాని బీమా, భద్రత, మరమ్మతు ఎవరి దృష్టిలోనూ లేకుండా పోవచ్చు.

పన్ను లెక్క: అసలు ధర వివాదం

పుస్తకాల్లో రెండు దారులున్నా ఆదాయపు పన్నులో ఒక్కటే దారి, అది తగ్గింపు. ఈ నియమం తేలిగ్గా రాలేదు, దాని చరిత్రలో ఆంధ్రప్రదేశ్ పాత్ర కూడా ఉంది. వెనుకబడిన ప్రాంతాల్లో పరిశ్రమలకు ఇచ్చిన సబ్సిడీని యంత్రాల అసలు ధరలోంచి తీసివేయాలా అన్న ప్రశ్నపై గోదావరి ప్లైవుడ్స్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీసివేయనక్కర లేదంది. సుప్రీంకోర్టు 1994లో పీజే కెమికల్స్ కేసులో ఆ వైపే మొగ్గింది. సబ్సిడీ ఇచ్చింది పరిశ్రమ పెట్టమని ప్రోత్సహించడానికే గానీ, ఫలానా యంత్రం ధరలో కొంత భరించడానికి కాదన్నది ఆ తీర్పు సారం. ధరను కొలబద్దగా వాడుకోవడం వేరు, ధరను చెల్లించడం వేరు అన్న ఈ విచక్షణ ఏఎస్ 12లో ప్రమోటరు వాటా లాంటి గ్రాంటుకూ, ఆస్తి గ్రాంటుకూ మధ్య గీత గీసిన ఆలోచనకు దగ్గరి చుట్టం. తర్వాత పార్లమెంటు 1998లో 1961 నాటి చట్టంలోని 43(1) సెక్షన్‌కు పదో వివరణను చేర్చింది. ఆస్తి ధరలో ఎంత భాగాన్ని ప్రభుత్వమో, మరొకరో సబ్సిడీగా, గ్రాంటుగా భరించారో అంత భాగం అసలు ధర కాదని దాని సారాంశం. గ్రాంటును నేరుగా ఒక ఆస్తికి జతచేయలేకపోతే, అది వర్తించే ఆస్తుల మధ్య నిష్పత్తి ప్రకారం పంచాలి.

హైదరాబాద్‌కు చెందిన సాహ్నీ స్టీల్ కేసు 1997లో ఈ ప్రశ్నకు ఇంకో అంచును తేల్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఉత్పత్తి మొదలయ్యాక అమ్మకపు పన్ను వాపసు లాంటి రూపాల్లో ఇచ్చిన సాయం వ్యాపారం నడపడానికి ఇచ్చినదే కాబట్టి అది రాబడి అని సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు ఏ పేరుతో వచ్చిందన్నది కాదు, ఎందుకు ఇచ్చారన్నదే ముఖ్యమన్న ఈ పరీక్ష పథకం ఉత్తర్వును చదివి గ్రాంటు తరగతిని నిర్ణయించే అకౌంటెంటుకూ పనికొస్తుంది.

మిరపపొడి యూనిట్ లెక్కలో పన్నుకు అసలు ధర రూ.13 లక్షలు. యంత్రాలకు 15 శాతం తగ్గే నిల్వ పద్ధతిలో మొదటి పూర్తి ఏడాది తరుగుదల రూ.1.95 లక్షలు. వాయిదా పద్ధతిలో నడిచే యూనిట్‌లో తరచుగా దొర్లే తప్పు ఏమిటంటే, పుస్తకాల్లోని రూ.20 లక్షలనే పన్ను రిటర్నులోకి తీసుకెళ్లి రూ.3 లక్షల తరుగుదల కోరడం. మొదటి ఏడాదే రూ.1.05 లక్షలు ఎక్కువ క్లెయిమ్ అవుతుంది. దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటి ఇంకో తప్పు, ధర తగ్గించి కూడా, పుస్తకాల్లో ఆదాయంగా వచ్చిన రూ.70 వేలను పన్ను లెక్కలోంచి మినహాయించుకోకపోవడం, అంటే ఒకే గ్రాంటుపై రెండుసార్లు భారం మోయడం. వాయిదా పద్ధతి ఎంచుకున్నవారు పుస్తకాల ఆస్తుల రిజిస్టరును, పన్ను తరుగుదల పట్టికను ఏటా ఒకసారి పక్కపక్కన పెట్టి, తేడా సరిగ్గా గ్రాంటు నుంచే వస్తోందా, వేరే కారణం ఉందా అని సరిచూసుకోవాలి.

పుస్తకాల్లో కనిపించే పొరపాట్లు, గుర్తించే తీరు

చిన్న సంస్థల్లో అసలు ప్రమాదం రెండు పద్ధతుల మధ్య తప్పు ఎంపిక కాదు, రెండూ కాని మూడో పని జరిగిపోవడం. గ్రాంటు రుణానికి సర్దినప్పుడు స్టేట్‌మెంటులో రుణం నిల్వ ఒక్కసారిగా తగ్గుతుంది. ముందుగా గ్రాంటును గుర్తించని యూనిట్‌లో అకౌంటెంటు ఆ తేడాను ఎక్కడ వేయాలో తెలియక యజమాని మూలధన ఖాతాలో వేసేస్తాడు, లేదా ఆ ఏడాది ఇతర ఆదాయంగా చూపిస్తాడు. మొదటి సందర్భంలో గ్రాంటు యంత్రం తరుగుదలతో ఎన్నటికీ కలవదు, పదేళ్లూ లాభం తక్కువగా కనిపిస్తుంది. రెండో సందర్భంలో ఒక్క ఏడాది లాభం రూ.7 లక్షలు ఉబ్బి, మరుసటి ఏడాది మామూలుకు పడిపోతుంది. అమ్మకాలు పెద్దగా మారకుండా లాభం ఒక్క ఏడాది ఎగిసి పడితే చూడాల్సింది ఇతర ఆదాయం వివరాలను. మూలధన ఖాతాలో సొంత డబ్బు పెట్టిన బ్యాంకు జాడ లేని క్రెడిట్ ఉంటే అడగాల్సింది రుణ ఖాతా స్టేట్‌మెంటును.

ఏ పద్ధతి పాటించారో, గ్రాంటు స్వభావం, మొత్తం ఎంతో నోట్సులో చెప్పాలని ఏఎస్ 12 కోరుతుంది. తగ్గింపు పద్ధతి ఎంచుకున్న యూనిట్ కోల్పోయే సమాచారాన్ని చాలా వరకు ఈ ఒక్క నోటు తిరిగి ఇవ్వగలదు. మిరపపొడి యూనిట్ మొదటి ఏడాది నోటు ఇలా ఉంటే చాలు: యంత్రాల కొనుగోలు ధర రూ.20 లక్షలు, ఆహారశుద్ధి పథకం కింద గుర్తించిన గ్రాంటు రూ.7 లక్షలు ధరలోంచి తీసివేయబడింది. గ్రాంటు మొత్తం రుణం ఇచ్చిన బ్యాంకులో డిపాజిట్‌గా ఉంది. చివరి విడత రుణం తేదీ నుంచి మూడేళ్లు రుణ ఖాతా సక్రమంగా, యూనిట్ నడుస్తూ ఉండాలన్న షరతు ఇంకా అమల్లో ఉంది.